కంఠసర్పి వైద్యం: సీరమ్, యాంటీబయాటిక్, ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్త మందు – తరచుగా అడిగే ప్రశ్నలు

గొంతులో ఇన్ఫెక్షనే కదా, యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే చాలదా?

చాలదు. కంఠసర్పిలో, అంటే డిఫ్తీరియాలో, సూక్ష్మజీవి ఉండేది గొంతులోనో ముక్కులోనో. రక్తంలోకి అది దాదాపుగా పోదు. పోయేది అది తయారుచేసే విషం. గొంతులో బూడిదరంగు పొర కట్టేదీ, ఆ తర్వాత గుండె కండరాన్నీ నరాలనూ దెబ్బతీసేదీ ఈ విషమే. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపి, కొత్త విషం తయారవకుండా ఆపుతుంది. అప్పటికే రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రం అది ఏమీ చేయలేదు.

ఆ పని సీరమ్‌ది. ఆసుపత్రుల్లో దీన్నే ఏడీఎస్ అంటారు. గుర్రాలకు నిర్వీర్యం చేసిన విషాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను శుద్ధిచేసి తయారుచేస్తారు. ఇవి రక్తంలోని విషాన్ని పట్టుకుని పనికిరాకుండా చేస్తాయి. ఒకసారి కణం లోపలికి దూరిన విషాన్ని మాత్రం ఏ సీరమూ వెనక్కి తేలేదు. తొందరంతా అందుకే.

ఈ రెండు మందుల గడియారాలు వేరని గుర్తుంచుకుంటే కింద చెప్పే చాలా సంగతులు సులువుగా అర్థమవుతాయి. సీరమ్‌కు గంటలు ముఖ్యం, ఇచ్చేది ఒక్కసారే. యాంటీబయాటిక్‌కు రోజులు ముఖ్యం, పద్నాలుగూ పూర్తికావాలి.

సీరమ్ ఎప్పటిదో పాత మందు. నిజంగా పనిచేస్తుందని రుజువుందా?

ఉంది, అదీ వైద్య చరిత్రలో పేరున్న రుజువు. కోపెన్‌హాగన్‌లోని బ్లెగ్డామ్స్ ఆసుపత్రిలో యోహానెస్ ఫిబిగర్ అనే వైద్యుడు ఒక రోజు చేరిన రోగులకు సీరమ్ ఇచ్చి, మర్నాడు చేరినవాళ్లకు ఇవ్వకుండా పోల్చి చూశాడు. ఫలితాలు 1898లో వచ్చాయి. సీరమ్ తీసుకున్న 239 మందిలో 8 మంది చనిపోయారు. తీసుకోని 245 మందిలో 30 మంది చనిపోయారు. అప్పటికి యాంటీబయాటిక్‌లే లేవు కాబట్టి, ఆ తేడా పూర్తిగా సీరమ్‌దే.

ల్యాబ్ రిపోర్టు వచ్చాక సీరమ్ ఇస్తే మంచిది కాదా? అసలు జబ్బు అదో కాదో తెలియాలి కదా.

రిపోర్టు కోసం ఆగకూడదు. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. పెరిగిన సూక్ష్మజీవి విషం చేసే రకమేనా అని తేల్చడానికి ఇంకొంత సమయం కావాలి. ఈలోగా విషం కణాల్లోకి చేరిపోతుంది.

డాక్టర్లు నిర్ణయించేది చూసిన లక్షణాలను బట్టే. టాన్సిల్ మీద మొదలై అంగిలి, కొండనాలుక మీదికి పాకిన బూడిదరంగు పొర, గట్టిగా అంటుకుని కదిలిస్తే రక్తం వచ్చేది, జ్వరం పెద్దగా లేకపోయినా బాగా నీరసించిన పిల్లవాడు, మెడ ఎద్దు మెడలా వాచిపోవడం. వీటితో పాటు టీకాలు సగంలో ఆగిపోయాయని తెలిస్తే అనుమానం బలపడుతుంది. మామూలు టాన్సిల్స్ చీము పసుపుపచ్చగా చుక్కలుచుక్కలుగా ఉంటుంది, టాన్సిల్ దాటి పాకదు, తుడిస్తే వచ్చేస్తుంది.

స్వాబ్ మాత్రం యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. పొర అంచు కింది నుంచి ఒకటి, ముక్కులోంచి ఒకటి. ఎక్కువగా జరిగే పొరపాటు ల్యాబ్‌కు ముందుగా చెప్పకపోవడం. ‘గొంతు స్వాబ్’ అని మాత్రమే రాసి పంపితే మామూలు మీడియంలో వేస్తారు, గొంతులో సహజంగా ఉండే బ్యాక్టీరియానే వచ్చిందని రిపోర్టు ఇస్తారు. ‘డిఫ్తీరియా అనుమానం’ అని చీటీ మీద రాసి, ఫోన్ చేసి చెబితే టెల్యూరైట్ ఉన్న ప్రత్యేక మీడియం వాడతారు.

పొరను గీకి తీసేస్తే ఊపిరి సులువవుతుంది కదా?

ముట్టుకోకూడదు. పొర కింద కణజాలం చనిపోయి ఉంటుంది. లాగితే రక్తస్రావమవుతుంది, వాపు పెరుగుతుంది, ఊడిన ముక్క గాలిగొట్టంలోకి జారవచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు కూతలా శబ్దం వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా నోట్లోకి పదేపదే స్పూను పెట్టి చూడటం మానేసి, శ్వాసమార్గం సరిచేయగల ఆసుపత్రికి చేర్చాలి. అవసరమైతే గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడతారు. అది ముందుగా, నిదానంగా చేసినప్పుడు సురక్షితం. పిల్లవాడు నీలంగా మారాక హడావిడిగా చేయడం ప్రమాదం.

సీరమ్ డోసు ఎంత? చిన్నపిల్లలకు తగ్గిస్తారా?

తగ్గించరు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. మామూలు మందుల డోసు బరువును బట్టి ఉంటుంది. సీరమ్ డోసు ఒంట్లో ఎంత విషం ఉండవచ్చన్న అంచనాను బట్టి ఉంటుంది. 12 కిలోల పిల్లకూ 60 కిలోల పెద్దమనిషికీ జబ్బు ఒకే స్థాయిలో ఉంటే సీరమ్ ఒకటే.

గొంతుకో స్వరపేటికకో పరిమితమై, మొదలై 48 గంటలు దాటకపోతే 20,000 నుంచి 40,000 యూనిట్లు. ముక్కు వెనక భాగం దాకా పాకితే 40,000 నుంచి 60,000. మూడు రోజులు, ఆపైన గడిచినా, మెడంతా వాచినా 80,000 నుంచి 1,00,000. మన దేశంలో దొరికే వయల్ ఒక్కోదానిలో 10 మిల్లీలీటర్లకు 10,000 యూనిట్లు ఉంటాయి, అంటే లెక్క సులువే: ముదిరిన కేసుకు ఎనిమిది నుంచి పది వయల్స్. ఒకటి రెండు వయల్స్ ఎక్కించి రేపు చూద్దాం అనుకోవడం తప్పు. మొత్తం డోసు ఒకేసారి పడాలి, మర్నాడు మిగతాది ఇస్తే అప్పటికి విషం తన పని తాను చేసుకుపోతుంది.

ఎలా ఎక్కిస్తారు? రియాక్షన్ వస్తే?

వయల్స్‌ను 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిస్తారు. 250 నుంచి 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి రెండు నుంచి నాలుగు గంటల్లో నిదానంగా నరంలోకి ఎక్కిస్తారు. చిన్నపిల్లలకు సీరమ్ తగ్గదు గానీ సెలైన్ తగ్గించాలి, లేకపోతే విషంతో ఇప్పటికే అలసిన గుండె మీద నీటి భారం పడుతుంది. మొదటి అరగంట డ్రిప్ చాలా నెమ్మదిగా ఉంచి, నర్సు పక్కనే ఉండి నాడి, బీపీ, ఊపిరి చూస్తారు.

ఇది గుర్రపు ప్రోటీన్ కాబట్టి తీవ్రమైన అలర్జీ రావచ్చు. నూటికి ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది, వస్తే మాత్రం నిమిషాల మీద వ్యవహారం. డ్రిప్ మొదలుపెట్టేముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పెట్టుకోవాలి. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే 20 కిలోల పిల్లకు 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ద్రావణం 0.2 మిల్లీలీటర్లు, తొడ బయటివైపు కండరంలోకి. డ్రిప్ ఆపాలి, ఆక్సిజన్ పెట్టాలి. అవిల్, హైడ్రోకార్టిసోన్ తర్వాత సంగతి, అడ్రినలిన్‌కు అవి బదులు కావు.

ముందు టెస్ట్ డోస్ వేయరా?

ఇదివరకు అందరికీ వేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో అందరికీ అలవాటుగా టెస్ట్ చేయనక్కర్లేదని చెప్పింది. కారణం నమ్మదగ్గదే: టెస్ట్ మామూలుగా ఉన్నవాళ్లకూ డ్రిప్‌లో రియాక్షన్ రావచ్చు, టెస్ట్‌లో దద్దు వచ్చినవాళ్లలో కొందరు ఇబ్బంది లేకుండా తీసుకోగలరు. చూస్తూ కూర్చుంటే సమయం పోతుంది. మన దగ్గర మందు కరపత్రాలను బట్టి కొన్ని ఆసుపత్రుల్లో ఇంకా చేస్తున్నారు. చేసినా ఫర్వాలేదు, కానీ టెస్ట్ బాగుందని అడ్రినలిన్ పక్కన పెట్టేయకూడదు.

టెస్ట్ కన్నా ఎక్కువ పనికొచ్చేది ఒక ప్రశ్న. గతంలో పాముకాటుకు విషం విరుగుడు ఇంజక్షన్లు గానీ, కుక్కకాటుకు గుర్రపు సీరమ్ గానీ తీసుకున్నారా? అవీ గుర్రాల నుంచి వచ్చేవే. ఉబ్బసం ఉందా అని కూడా అడగాలి. ఉన్నా సీరమ్ ఆపరు. ఐసీయూలో, కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఇస్తారు.

ఎక్కించిన వారానికి జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, కీళ్లనొప్పులు వచ్చాయి. జబ్బు తిరగబెట్టిందా?

చాలావరకు కాదు. గుర్రపు ప్రోటీన్‌కు ఒళ్లు ఆలస్యంగా స్పందించడం వల్ల ఐదు నుంచి పది రోజుల మధ్య ఇలా వస్తుంది. ఇంతకుముందు గుర్రపు సీరమ్ తీసుకున్నవాళ్లకు ఇంకా ముందే రావచ్చు. దురదకు, నొప్పికి మందులిస్తే కొద్దిరోజుల్లో తగ్గుతుంది. అయితే ఇంట్లో ఉండి నిర్ణయించుకోవద్దు, ఎందుకంటే గుండె దెబ్బతినే సమయం కూడా సరిగ్గా అదే. ఆసుపత్రి చీటీలో ‘గుర్రపు సీరమ్ ఇచ్చాం, ఈ తేదీన’ అని రాయించుకుని దాచుకోండి.

మా ఊళ్లో సీరమ్ లేదంటున్నారు. ఏం చేయాలి?

మొదట యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి, అది ఏ పీహెచ్‌సీలోనైనా ఉంటుంది. తర్వాత బయలుదేరేముందే ఫోన్ చేసి సీరమ్ ఎక్కడ ఉందో కనుక్కోవాలి. పెద్దాసుపత్రి కదా, ఉండకపోతుందా అనుకుని వెళ్లి, అక్కడి నుంచి మరోచోటికి పంపించుకుంటే పూట గడిచిపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి కేసులు ఏళ్లుగా చేరేది నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి. మిగతా జిల్లాల్లో డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి చెప్పడం మంచిది. ఈ జబ్బు గురించి వాళ్లకు ఎలాగూ తెలియజేయాల్సిందే, ఆ ఫోన్‌తోనే సీరమ్ సంగతీ తేలుతుంది, ఇంటిచుట్టూ చేయాల్సిన పనీ మొదలవుతుంది.

ఆలస్యమైంది కదా ఇక సీరమ్ దండగ అనుకోవద్దు. పొర ఉన్నంతవరకు విషం ఇంకా వస్తూనే ఉందని లెక్క.

యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు?

14 రోజులు. మింగగలిగితే అజిత్రోమైసిన్ లేదా ఎరిత్రోమైసిన్. 2024 మార్గదర్శకాలు పెన్సిలిన్ కన్నా వీటికే మొగ్గుచూపాయి, కొన్నిచోట్ల పెన్సిలిన్‌కు లొంగని రకాలు కనిపించడం ఒక కారణం. అజిత్రోమైసిన్ పిల్లలకు కిలోకు 10 నుంచి 12 మిల్లీగ్రాములు రోజుకొకసారి, పెద్దలకు 500 మిల్లీగ్రాములు. ఎరిత్రోమైసిన్ అయితే కిలోకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు రోజంతటికీ, నాలుగుసార్లుగా విడగొట్టి, ఎంతైనా 2 గ్రాములు దాటకుండా. మింగలేనివాళ్లకు నరంలోకి క్రిస్టలిన్ పెన్సిలిన్, కిలోకు రోజుకు లక్ష నుంచి లక్షన్నర యూనిట్లు, ఆరు గంటలకొకసారి. మింగడం మొదలయ్యాక నోటి మందుకు మార్చి, మొత్తం 14 రోజులూ పూర్తిచేస్తారు.

అజిత్రోమైసిన్ అనగానే మనకు ‘మూడు రోజుల మందు’ అని పడిపోయింది. మెడికల్ షాపుల్లో స్ట్రిప్పులూ సిరప్ సీసాలూ ఆ లెక్కకే ఉంటాయి. కంఠసర్పికి ఆ లెక్క పనికిరాదు. పొర నాలుగైదు రోజుల్లో ఊడి గొంతు శుభ్రంగా కనిపించినా, సూక్ష్మజీవి గొంతులోనే దాక్కుని ఉండవచ్చు. మందు ఆపితే పిల్లవాడు బాగానే ఉంటాడు, పక్కన పడుకున్న తమ్ముడికి అంటుకుంటుంది.

అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ రెండూ గుండె లయను కొంత మార్చగలవు. జబ్బు కూడా అదే పని చేస్తుంది. అందుకే ఈసీజీ రోజూ తీస్తారు, తేడా కనిపిస్తే పెన్సిలిన్‌కు మారుస్తారు.

ఎప్పుడు ఇంటికి పంపిస్తారు?

కోర్సు ముగిశాక, కనీసం 24 గంటల తేడాతో తీసిన రెండు కల్చర్లలోనూ సూక్ష్మజీవి కనిపించకపోతే ఇక అంటదని అర్థం. అప్పటిదాకా విడిగా ఉంచాలి. ఇంకా పెరుగుతూ ఉంటే మరో పది రోజులు మందు వాడి మళ్లీ పరీక్షిస్తారు.

అంటదు అంటే ప్రమాదం దాటిందని కాదు. మొదటి వారం చివర నుంచి రెండో వారంలో గుండె దెబ్బతినవచ్చు. రెండు మూడు వారాల్లో గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారడం, తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం అంగిలి నరాలు పడిపోయిన గుర్తు. కాళ్లూ చేతులూ బలహీనపడటం నెలా రెండు నెలల తర్వాత కూడా రావచ్చు. అందుకే గొంతు నయమైందని పిల్లవాణ్ణి ఆటలకు వదలకూడదు.

ముందుజాగ్రత్త మందు ఎవరికి?

ఒకే ఇంట్లో పడుకునేవాళ్లందరికీ. హాస్టల్‌లో అయితే ఒకే గదిలో, డార్మిటరీలో పక్కపక్కన పడుకునే పిల్లలకు. ఒకే గ్లాసుతో తాగినవాళ్లకు, రోగి దగ్గు తుంపర్లు నేరుగా మీద పడినవాళ్లకు, మాస్కు లేకుండా గొంతు పరీక్షించిన, గొట్టం వేసిన సిబ్బందికి. బడి మొత్తానికి, వీధి మొత్తానికి అక్కర్లేదు. అలా పంచితే అసలు తీసుకోవాల్సినవాళ్ల దగ్గర లెక్క తప్పుతుంది.

మా పిల్లలకు టీకాలన్నీ వేయించాం. అయినా మందు వేసుకోవాలా?

వేసుకోవాలి. టీకా ఇచ్చే రక్షణ విషం మీద. సూక్ష్మజీవి గొంతులో కాపురం పెట్టకుండా అది పూర్తిగా అడ్డుకోలేదు. టీకా వేయించుకున్న అన్నకు జబ్బు రాకపోవచ్చు గానీ, అతని గొంతులోంచి ఇంకా టీకాలు పూర్తికాని చెల్లికి చేరవచ్చు. మందు ఆ దారిని మూస్తుంది.

ఏ మందు? ఒక్క ఇంజక్షన్‌తో అయిపోతుందా?

బెంజాథిన్ పెన్సిలిన్ అయితే ఒక్క ఇంజక్షనే. ఆరేళ్లలోపు 6 లక్షల యూనిట్లు, ఆరేళ్లు, ఆపైన 12 లక్షలు. లేదా అజిత్రోమైసిన్ ఏడు రోజులు, పిల్లలకు కిలోకు 10 మిల్లీగ్రాములు, పెద్దలకు 500. లేదా ఎరిత్రోమైసిన్ ఏడు నుంచి పది రోజులు. రోజూ మందు మింగించే దిక్కులేని హాస్టల్లో, వలస కూలీల ఇళ్లలో ఇంజక్షనే నయమని మా అభిప్రాయం. మందు పడిందో లేదో అన్న అనుమానం ఉండదు.

ఇంజక్షన్ ఇచ్చేవాళ్లకు రెండు మాటలు. ఇది పాలలా చిక్కగా ఉంటుంది, బాగా కలిపి వెంటనే ఇవ్వకపోతే సన్న సూదిలో అడ్డుపడుతుంది. లోతుగా కండరంలోకే వేయాలి, పొరపాటున నరంలోకి పోతే గుండె ఆగిపోవచ్చు. పెన్సిలిన్ అలర్జీ ఉందా అని ముందు అడగాలి. నెలలోపు పసికందులకు ఎరిత్రోమైసిన్ ఇస్తే కడుపు కింది ద్వారం బిగుసుకుపోయి, తాగిన పాలు చిమ్మినట్టు కక్కే ప్రమాదం ఉంది. ఆ వయసువాళ్లకు పిల్లల డాక్టరే నిర్ణయించాలి.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఏడేళ్ల పాప, 20 కిలోలు. గొంతునొప్పి మొదలై నాలుగో రోజు, అంగిలి దాకా పొర, మెడ వాచింది. ఇంట్లో అమ్మ, నాన్న, 14 కిలోల నాలుగేళ్ల తమ్ముడు, పెన్సిలిన్ పడని నాయనమ్మ ఉన్నారనుకుందాం.

పాపకు నాలుగో రోజు, వాచిన మెడ కాబట్టి పెద్ద డోసు: లక్ష యూనిట్లు, పది వయల్స్. అవే 100 మిల్లీలీటర్లు, 250 సెలైన్‌లో కలిస్తే 350. నాలుగు గంటల్లో ఎక్కిస్తే గంటకు 90 దగ్గర పడుతుంది, మొదట్లో ఇంకా నెమ్మదిగా. మింగలేదు కాబట్టి క్రిస్టలిన్ పెన్సిలిన్ రోజుకు 20 నుంచి 30 లక్షలు, అంటే ఆరు గంటలకొకసారి 5 నుంచి 7.5 లక్షలు. నాలుగు రోజుల తర్వాత మింగడం వస్తే అజిత్రోమైసిన్ 200 మిల్లీగ్రాములు రోజుకొకసారి, మిగిలిన పది రోజులు. 5 మిల్లీలీటర్లలో 200 ఉండే సిరప్ అయితే మొత్తం 50 మిల్లీలీటర్లు కావాలి. 15 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. ఒక్క సీసా ఇచ్చి పంపితే మూడో రోజుకే ఖాళీ.

అదే రోజు ఇంట్లోవాళ్లందరి గొంతు, ముక్కు స్వాబ్‌లు తీసి, ఫలితం కోసం ఆగకుండా మందు వేయాలి. అమ్మానాన్నలకు 12 లక్షల చొప్పున, తమ్ముడికి 6 లక్షలు. నాయనమ్మకు అజిత్రోమైసిన్ 500 చొప్పున ఏడు రోజులు. ఆమె గుండెజబ్బు మందులేవైనా వాడుతుంటే ముందు ఒక ఈసీజీ. పాపను చివరిసారి దగ్గరగా కలిసిన రోజు నుంచి పది రోజుల పాటు అందరి గొంతూ జ్వరమూ రోజూ చూసుకోవాలి.

ఇంట్లోవాళ్లకూ సీరమ్ ఇచ్చేస్తే పోదా?

ఇవ్వరు. జబ్బు లేనివాళ్లకు గుర్రపు ప్రోటీన్ ఎక్కించి అలర్జీ ప్రమాదం తేవడం తప్ప లాభం లేదు. స్వాబ్‌లో సూక్ష్మజీవి దొరికి లక్షణాలు లేకపోయినా సీరమ్ అక్కర్లేదు. అలాంటివాళ్లను విడిగా ఉంచి, రోగికిచ్చినట్టే పూర్తి యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చి, తర్వాత మళ్లీ స్వాబ్ తీస్తారు. వంటపని, హోటల్ పని చేసేవాళ్లు, పసిపిల్లల్ని చూసుకునేవాళ్లు ఆ ఫలితం వచ్చేదాకా పనికి వెళ్లకూడదు.

టీకా సంగతి?

ఇంట్లోవాళ్లలో టీకాలు సగంలో ఆగినవాళ్లకు అక్కడి నుంచి కొనసాగించాలి, మొదటి నుంచీ మొదలుపెట్టనక్కర్లేదు. పూర్తయినా చివరి డోసు పడి ఐదేళ్లు దాటితే ఒక బూస్టర్. మన షెడ్యూల్‌లో 6, 10, 14 వారాల పెంటావాలెంట్, ఏడాదిన్నర దగ్గర, ఐదేళ్లకు డీపీటీ, 10, 16 ఏళ్లకు టీడీ ఉన్నాయి. ఎక్కువగా తప్పిపోయేవి ఐదేళ్లదీ పదేళ్లదీ. కార్డు చూసేటప్పుడు ముందు అక్కడే చూడండి.

జబ్బు వచ్చి తగ్గిన పాపకు కూడా కోలుకున్నాక టీకా వేయాలి. ప్రాణం తీయడానికి చాలినంత విషం కూడా శాశ్వత రక్షణ పుట్టించడానికి చాలకపోవచ్చు, కాబట్టి ఒకసారి వచ్చింది కదా ఇక రాదు అన్నది ఈ జబ్బులో నిజం కాదు.